పెద్ద బ్యాటరీకి ₹3.5 లక్షలు ఎక్కువ పెట్టాలా? నల్గొండ–హైదరాబాద్ రోడ్డు మీద లెక్క

ప్రశ్న: మాది నల్గొండ. అమీర్‌పేటలో ఉద్యోగం, వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లాలి. వనస్థలిపురంలో చెల్లెలి ఇంటి దగ్గర కారు పెట్టి మెట్రోలో వెళ్తాను, సాయంత్రం ఇంటికి వచ్చేస్తాను. ఒకవైపు 95 కి.మీ. ఎలక్ట్రిక్ కారు కొందామనుకుంటున్నాం. 30 కిలోవాట్-అవర్ బ్యాటరీ ఉన్నదానికి 310 కి.మీ., 45 ఉన్నదానికి 460 కి.మీ. వస్తుందని కంపెనీ చెబుతోంది. రెండింటికీ తేడా ₹3.5 లక్షలు. దారిలో ఆగిపోతుందేమోనని ఇంట్లో టెన్షన్. పెద్దది తీసుకోమంటారా?

జవాబు: నమస్కారం. నా లెక్కలో మీకు చిన్న బ్యాటరీ చాలు. అయితే దానికి ఒక షరతు ఉంది, అది చెల్లెలి ఇంటి గోడలో ఉంది. అక్కడికి వచ్చేముందు కంపెనీ చెప్పిన అంకెను కాస్త విప్పి చూద్దాం, ఎందుకంటే మీ ₹3.5 లక్షలు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

కిలోవాట్-అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. 30 యూనిట్లంటే 30,000 వాట్-అవర్లు. దాన్ని 310తో భాగిస్తే కిలోమీటరుకు 97 వాట్-అవర్లు వస్తుంది. పెద్ద బ్యాటరీ లెక్క కూడా అంతే, 98. అంటే కిలోమీటరుకు వంద వాట్-అవర్లకు లోపే ఖర్చవుతుందని కంపెనీ అనుకుంటోంది. ఇది అబద్ధం కాదు. మన దేశంలో ఆ పరీక్ష ఎక్కువ భాగం ఊళ్లో నడిపినట్టు, తక్కువ వేగంతో, ఆగుతూ కదులుతూ సాగుతుంది. ఒక్కసారి కూడా 90 దాటదు. ఏసీ కూడా వేయరు. ఏసీ వేయకుండా నల్గొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల తిరిగితే మీకూ దాదాపు ఆ అంకే వస్తుంది. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కాక రాదు.

పెట్రోలు కారు నడిపినవాళ్లకు ఇది ఎదురు తిరిగినట్టు అనిపిస్తుంది. పెట్రోలు కారుకు హైవే మీద మైలేజీ పెరుగుతుంది కదా! ఊళ్లో సిగ్నళ్ల దగ్గర ఇంజను ఊరికే తిరుగుతూ పెట్రోలు తాగుతుంది కాబట్టి అలా కనిపిస్తుంది. ఎలక్ట్రిక్ కారు ఆగి ఉన్నప్పుడు మోటారు ఏమీ తినదు, బ్రేకు వేస్తే కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి పోతుంది. అందుకే ఊళ్లో దానికి సుఖం, హైవే మీద గాలితో కుస్తీ.

ఆ కుస్తీ ఎంతో చూద్దాం. మనుషులతో కలిపి 1,700 కిలోలుండే చిన్న ఎస్‌యూవీ అనుకుందాం. టైర్లు రోడ్డు మీద దొర్లడానికి కిలోమీటరుకు సుమారు 46 వాట్-అవర్లు కావాలి. ఇది వేగంతో పెద్దగా మారదు. గాలిని చీల్చుకుపోవడానికి అయ్యే ఖర్చు మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపయితే గాలి ఖర్చు నాలుగింతలు. గంటకు 60 కి.మీ. వేగంలో గాలికి 35 వాట్-అవర్లు పోతే, 120లో 140 పోతుంది. మోటారులో, ఎలక్ట్రానిక్స్‌లో వృథా అయ్యేది, ఏసీకి ఒక కిలోవాట్ కలుపుకుంటే కిలోమీటరుకు మొత్తం ఇలా వస్తుంది: 60లో సుమారు 110, 80లో 140, 90లో 160, 100లో 180, 120లో 230. కారును బట్టి వీటిలో పదో పదిహేనో అటూ ఇటూ ఉంటుంది, కానీ పెరిగే తీరు అన్నిటికీ ఒకటే.

ఇప్పుడు మీ దారికి వద్దాం. 30 యూనిట్ల బ్యాటరీలో వాడుకోవడానికి దొరికేది 28 అనుకోండి, మిగతాది బ్యాటరీ రక్షణ కోసం కంపెనీ తాళం వేసి ఉంచుకుంటుంది. అలాగే 45లో 42. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి దాకా మీరు నెమ్మదిగానే పోతారు. అయినా భద్రత కోసం 95 కి.మీ. మొత్తాన్నీ హైవే లెక్కలోనే వేస్తున్నాను.

రానూపోనూ 190 కి.మీ. ఎక్కడా చార్జ్ చేయకుండా అంటే, చిన్న బ్యాటరీ వల్ల కాదు. 90లో నడిపితే 30 యూనిట్లు దాటుతుంది, ఉన్నవి 28. 80లో నడిపితే కాగితం మీద ఇల్లు చేరతారు, కానీ మిగిలేది ఒకటిన్నర యూనిట్టు. అలాంటి ప్రయాణం చేయమని నేను ఎవరికీ చెప్పను. ఇక పెద్ద బ్యాటరీ చూడండి. 100లో 34 యూనిట్లు ఖర్చయి దాదాపు 8 మిగులుతాయి, ఫరవాలేదు. 120లో మాత్రం దాదాపు 44 కావాలి, ఉన్నవి 42. ₹3.5 లక్షలు ఎక్కువ పోసి కొన్న బ్యాటరీ కూడా కాలు గట్టిగా తొక్కితే చౌటుప్పల్ దాటాక ఎక్కడో మిమ్మల్ని చార్జర్ వెతుక్కోమంటుంది. నాలుగు లేన్ల హైవే మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి ఎలాగూ 100 కి.మీ., బోర్డు అంతకన్నా తక్కువ చెబితే అదే. నార్కట్‌పల్లి నుంచి వనస్థలిపురం దాకా ఉన్న దాదాపు 75 కి.మీ.లో 100కి, 90కి తేడా అయిదు నిమిషాలు. 

మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన మాట, కారు చెల్లెలి ఇంటి దగ్గర పెడతాననడం. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా అది అక్కడే ఉంటుంది. అక్కడ గీజర్‌కో ఏసీకో వాడే 15 ఆంపియర్ల సాకెట్ ఒకటి పార్కింగ్ దగ్గర ఉంటే, కారుతో వచ్చే చార్జర్ గంటకు సుమారు 2.8 యూనిట్లు బ్యాటరీలోకి పంపుతుంది. ఎనిమిది గంటల్లో 22. మీరు 90లో వెళ్తే ఖర్చయ్యేది 15 యూనిట్లు, 100లో వెళ్తే 17. అంటే సాయంత్రానికి చిన్న బ్యాటరీ మళ్లీ నిండి ఉంటుంది. మీకు కావాల్సింది 190 కి.మీ. వెళ్లే బ్యాటరీ కాదు, నమ్మకంగా 95 వెళ్లేది.

ఇది పాతబడ్డాక కూడా నిలుస్తుందా? ఎనిమిదేళ్ల తర్వాత బ్యాటరీ ఐదో వంతు తగ్గిందనుకుందాం. 28 కాస్తా 22 అవుతుంది. 100లో ఒకవైపు 17 పోగా ఇంకా అయిదు యూనిట్లు చేతిలో ఉంటాయి. వానాకాలం కూడా లెక్కలో వేశాను. నైరుతి గాలులు పడమటి నుంచి వస్తాయి, మీరు ఉదయం వెళ్లేదీ పడమటికే. గంటకు 15 కి.మీ. ఎదురుగాలి ఉంటే, 90లో నడుపుతున్నా గాలి లెక్కలో మీరు 105లో ఉన్నట్టే. కిలోమీటరుకు 160 కాస్తా 190 అవుతుంది, ప్రయాణానికి 18 యూనిట్లు. హైదరాబాద్ మన నల్గొండ కన్నా ఎత్తులో ఉంది కాబట్టి ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఇంకో అర యూనిట్టు. సాయంత్రం ఇవే రెండూ మీ వైపు పనిచేస్తాయి. అందుకే వెళ్లేటప్పుడు ఎక్కువ తాగిందని కంగారు పడొద్దు, రెండు వైపులా కలిపి సగటు చూడండి.

డబ్బు సంగతి. ₹3.5 లక్షలు 9.5 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పు అయితే నెలకు సుమారు ₹7,350 ఈఎంఐ, మొత్తం ₹4.41 లక్షలు. అమ్మేటప్పుడు పెద్ద బ్యాటరీ కారుకు కొంత ఎక్కువ వస్తుంది, నిజమే, కానీ ఆ కొంత కోసం ఇప్పుడు అప్పు చేయడం నాకు సమ్మతం కాదు. రెండోవైపు చెల్లెలి ఇంట్లో కరెంటు చూడండి. చార్జింగ్‌లో పోయే వృథాతో కలిపి రోజుకు 18 యూనిట్లు, నెలకు సుమారు 155. ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. చెల్లెలి ఇంటికి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు వస్తుంటే, మీ 155 కలిస్తే వాళ్లు 200 దాటిపోతారు, ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఉచితం లేకపోయినా స్లాబు పైకి పోతుంది. అందుకని సగటు రేటు లెక్కకట్టి చెల్లెలి చేతిలో పెట్టొద్దు. మీరు రాకముందు బిల్లు ఎంత, వచ్చాక ఎంత అని చూసి, ఆ తేడా మొత్తం మీరే ఇవ్వండి. అది నెలకు ₹1,500 దాటినా ₹7,350తో పోలిస్తే చాలా తక్కువ. పైగా పెద్ద బ్యాటరీ తీసుకున్నా ఆ కరెంటు ఖర్చు మీ ఇంటి మీటరులో ఎలాగూ కట్టేదే.

కరెంటు పోయిన రోజు? 90లో వెళ్తే వనస్థలిపురంలో దాదాపు 13 యూనిట్లు మిగిలి ఉంటాయి, తిరిగి రావడానికి 15 కావాలి. దారిలో ఫాస్ట్ చార్జర్ దగ్గర ఆరు యూనిట్లు ఎక్కించుకుంటే మూడు నాలుగు యూనిట్ల మిగులుతో ఇంటికి చేరతారు. యూనిట్టుకు ₹20 నుంచి ₹25 అనుకున్నా ₹150కి మించదు, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. కారు కొనకముందే ఆ దారిలో పనిచేస్తున్న చార్జర్లు కనీసం రెండు కళ్లారా చూసి పెట్టుకోండి. యాప్‌లో చూపించేవన్నీ పనిచేస్తాయని నమ్మొద్దు.

ఇప్పుడు ఆ షరతు. ముందు ఒక ఎలక్ట్రీషియన్‌ను చెల్లెలి ఇంటికి పంపండి. సాకెట్‌కు మీటరు నుంచి విడిగా లైను ఉందా, ఎర్తింగ్ సరిగా ఉందా చూడాలి. ఎర్తింగ్ లేకపోతే చాలా కార్ల చార్జర్లు ఎర్ర లైటు వెలిగించి ఆగిపోతాయి. గంటల తరబడి నిండు లోడు మీద ఉంటుంది కాబట్టి సన్నటి వైరు అయితే సాకెట్ కాలే ప్రమాదం ఉంది. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో చార్జ్ చేయడం అసలు వద్దు. ఈ పనికి పది వేలు అయినా పెట్టండి.

రెండోది టెస్ట్ డ్రైవ్. షోరూం వాళ్లు ఊళ్లో రెండు కిలోమీటర్లు తిప్పి దించేస్తారు. హైవే మీదికి తీసుకెళ్లాలని గట్టిగా అడగండి. హైవే ఎక్కగానే ట్రిప్ మీటరు సున్నా చేసి, ఏసీ వేసి, 90లో ఇరవై కి.మీ. పోయి అదే దారిలో వెనక్కి రండి. స్క్రీన్ మీద kWh/100km అని 16 చూపిస్తే కిలోమీటరుకు 160 వాట్-అవర్లని అర్థం. km/kWh అని చూపే కార్లలో వెయ్యిని ఆ అంకెతో భాగించండి, 6.2 ఉంటే దాదాపు 160. స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే మిగిలిన కిలోమీటర్ల అంకెను మాత్రం పట్టించుకోకండి. అది నిన్నామొన్నా ఎలా నడిపారో చూసి వేసిన అంచనా. వారమంతా ఊళ్లో తిరిగి హైవే ఎక్కితే 250 చూపించి, పంతంగి టోల్‌గేట్ వచ్చేసరికి మీరు పోయిన దూరం కన్నా ఎక్కువే తగ్గిపోతుంది. టెన్షన్ పుట్టేది అక్కడే. బ్యాటరీ శాతం చూసుకోండి. 90లో చిన్న బ్యాటరీకి ప్రతి పది కిలోమీటర్లకు ఆరు శాతం దాకా తగ్గడం మామూలే. గాలి లేని రోజున కూడా ఎనిమిది శాతం తగ్గుతుంటే టైర్లలో గాలి చూపించండి.

చెల్లెలి వాళ్లది అద్దె ఇల్లయినా, పార్కింగ్‌లో సాకెట్ పెట్టడానికి అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోకపోయినా నా జవాబు మారుతుంది. అప్పుడు 45 యూనిట్లదే తీసుకోండి, 90 దాటకుండా నడపండి. అయితే ఆ ₹7,350 మీ ఇంటి బడ్జెట్‌లో ఎక్కడి నుంచి వస్తుందో ముందు కాగితం మీద రాసుకున్నాకే షోరూంకు వెళ్లండి.