కవచం పిడిలోకి చేరింది

ప్రశ్న: యూరప్‌లో బరువైన ఇనప కవచాలు పోయాక రేపియర్ లాంటి పొడిచే కత్తులు ఎందుకు వ్యాపించాయి?

మీరు అనుకుంటున్నదాంట్లో సగం నిజం. ఆ సగం ఏదో నేను ఒంటిమీద నేర్చుకున్నాను.

జర్మనీకి ఉద్యోగానికొచ్చాక, నాలుగేళ్ళుగా వారానికి రెండు సాయంత్రాలు పాతకాలపు యూరప్ కత్తిసాము నేర్చుకుంటున్నా. చిన్నప్పుడు కాంతారావు గారి జానపదాలు చూసి చెడిపోయిన బాపతు నేను. అందుకే మొదటి నెలంతా నరకడం తప్ప ఇంకోటి తోచేది కాదు. నేను చెయ్యెత్తేలోపు మా కోచ్, అరవై దాటిన పెద్దాయన, చెయ్యి చాచి ఊరికే నిలబడేవాడు. రబ్బరు బిళ్ళ తొడిగిన రేపియర్ మొన అప్పటికే నా రొమ్ముకి ఆనుకుని ఉండేది. నరకాలంటే కత్తి వెనక్కెళ్ళి రావాలి, పొడవాలంటే ఆ ప్రయాణం అక్కర్లేదు. 1553లో రోమ్‌లో కమిల్లో అగ్రిప్పా అనే ఇంజనీరు బొమ్మలు గీసి మరీ చెప్పింది దాదాపు ఇదే.

ఒకరోజు ఆయన నాకు ఉక్కు రొమ్ము పలక తొడిగి, మళ్ళీ రమ్మన్నాడు. మొన తగిలి, కిర్రుమని పక్కకి జారిపోయింది. నేను తాపీగా నడుచుకుంటూ వెళ్ళి ఆయన భుజమ్మీద చెయ్యేశాను. అంత పొడుగు కత్తీ నా వీపు వెనక ఎక్కడో గాల్లో ఉంది. ఇక గెలిచాననుకున్నా. ఆయన రేపియర్ పక్కన పడేసి, 15వ శతాబ్దం తరహా గట్టి కత్తి ఒకటి తీశాడు. కుడిచేత్తో పిడి, ఎడమచేత్తో అలుగు మధ్య పట్టుకుని, గునపంలా నా చంకలోకి తోశాడు. పలక లేనిది అక్కడే మరి.

అంటే పొడవడం కవచం పోయాక పుట్టిన విద్య కాదు. నరికితే దిగని ఉక్కు ఎదురుగా ఉన్నప్పుడే సందుల్లోకి దూరే మొన కావాల్సొచ్చింది. అసలు పదునే లేకుండా, మొన మాత్రమే ఉన్న ఎస్టాక్ అనే కత్తి కవచాల కాలానిదే. రేపియర్ దారి వేరు. స్పానిష్‌లో దాని పేరు ఎస్పాదా రోపెరా, అంటే బట్టలతోపాటు వేసుకునే కత్తి. అది యుద్ధభూమిది కాదు, వీధిది. వీధిలో మనుషులు కవచం వేసుకుని తిరగరు.

తుపాకీ రాగానే కవచం మాయమైందని వీడియోలు చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. రేపియర్ వెలిగిపోతున్న రోజుల్లోనే, 1618లో మొదలైన ముప్పై ఏళ్ళ యుద్ధంలో, కుయిరాసియర్ రౌతులు తలనుంచి మోకాళ్ళదాకా ఉక్కులో ఉన్నారు. తూటాకి తట్టుకోవాలని పలకలు మందమయ్యాయి. పిస్తోలుతో కాల్చి చూసి, పడిన సొట్టని నాణ్యతకి గుర్తుగా వదిలేసేవాళ్ళు.

మరి మీ మాటలో నిజమైన సగం పిడి దగ్గరుంది. మొనని అదుపులో పెట్టాలంటే చూపుడువేలిని అడ్డకమ్మీ దాటించి అలుగు మొదట్లో వెయ్యాలి. ఇనప చేతొడుగు లేని వేలు అక్కడుంటే ఎగిరిపోతుంది. అందుకే ముందు ఆ వేలికో కమ్మీ, తర్వాత రింగులు, పిడికిలికో వంపు కమ్మీ, చివరికి ఏకంగా గిన్నె వచ్చాయి. చేతిమీదున్న కవచం కత్తిమీదికెక్కిందన్నమాట. బరువూ దాంతోపాటే వచ్చింది. నాది కిలోకి పైనే, సినిమాల్లోలా పుల్ల కాదు. దాన్ని తెప్పించుకున్నప్పుడు మారణాయుధమంటూ పార్శిల్ ఆరువారాలు ఆపి, ఫారం మీద ఫారం నింపించారు. మొన గుండ్రంగా ఉందని చెప్తే వినరే!

ఒంటిమీద ఏమీ లేనివాణ్ణి రేపియర్ ఏం చేస్తుందో చూడాలంటే 1598 సెప్టెంబరు 22 చాలు. లండన్ శివారు హాక్స్‌టన్‌లో నాటకకర్త బెన్ జాన్సన్, నటుడు గేబ్రియల్ స్పెన్సర్‌ని మూడు షిల్లింగుల రేపియర్‌తో పొడిచాడు. కోర్టు కాగితం ప్రకారం గాయం కుడిపక్కన, వెడల్పు ఒక అంగుళం, లోతు ఆరంగుళాలు. మనిషి అక్కడికక్కడే పోయాడు. అవతలివాడి కత్తి తనదానికన్నా పది అంగుళాలు పొడుగని జాన్సన్ తర్వాత చెప్పుకున్నాడు. అది అబద్ధమని నేననుకోను. మొన దాటి ఒక్కసారి లోపలికొచ్చేస్తే పొడుగు కత్తే బరువు, నా రొమ్ము పలక రోజున జరిగిందీ అదేగా. ఒకే సంవత్సరం తేడాలో, 1599లో, జార్జ్ సిల్వర్ అనే ఆంగ్లేయుడు ఇదే మాట మీద ఇటాలియన్ గురువుల్ని పుస్తకం నిండా తిట్టిపోశాడు.

ఎలిజబెత్ రాణి అయితే కత్తి అలుగు గజం మీద నాలుగున్నర అంగుళాలు మించకూడదని ఉత్తర్విచ్చి, లండన్ గేట్ల దగ్గర మనుషుల్ని పెట్టి పొడుగువాటి మొనలు విరిపించింది. ఆ లెక్క 103 సెంటీమీటర్లు. నాది టేపు పెట్టి కొలిచాను, 108.