గడ్డిలోని కర్బనం ఎటు పోయిందో లెక్క చెప్పు

తమ్ముడూ,

హ్యూమస్ మీద నువ్వు రాసిన అధ్యాయం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, ఎక్కడా తడబాటు లేదు. ఇబ్బంది మొదటి పేజీలోని ఒక వాక్యంతోనే: "మొక్కల అవశేషాలు కుళ్లి హ్యూమస్‌గా మారతాయి." ఇది చదివిన విద్యార్థి మనసులో ఏ బొమ్మ గీసుకుంటాడో ఆలోచించు. గడ్డి నల్లబడింది, మెత్తబడింది, పొడి అయి మట్టిలో మిగిలిపోయింది, అంతే. నేనూ చాలా ఏళ్లు ఇలాగే రాశాను. ఒకసారి క్లాసు అయ్యాక ఒక అమ్మాయి వచ్చి, "సార్, గడ్డే హ్యూమస్ అయితే మరి సూక్ష్మజీవులు ఏం తిన్నట్టు?" అని అడిగింది. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వెళ్లి కాగితం మీద లెక్క వేసుకున్నాకే నాకు విషయం తెలిసింది. నీ అధ్యాయం ఆ లెక్కతోనే మొదలవ్వాలని నా కోరిక.

ధాన్యపు పంట కోశాక మిగిలిన ఎండు గడ్డి 1000 కిలోలు పొలంలో కలియదున్నారనుకో. అందులో సుమారు 40 శాతం, అంటే 400 కిలోలు కర్బనం. కర్బన-నత్రజని నిష్పత్తి 80:1 అనుకుంటే నత్రజని 5 కిలోలే. ఇప్పుడు సూక్ష్మజీవి వైపు నుంచి చూడు. తిన్న కర్బనమంతా దాని ఒంటికి పట్టదు. ఎక్కువ భాగం శక్తి కోసం ఖర్చయి, శ్వాసలో కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. ఒంటికి పట్టే వాటా ఆహారాన్ని బట్టి, మట్టిని బట్టి మారుతుంది. లెక్క కోసం 30 శాతం అనుకుందాం. గడ్డి మొత్తం తినేస్తే 280 కిలోల కర్బనం గాలిలో కలుస్తుంది, 120 కిలోలు సూక్ష్మజీవుల శరీరాలు అవుతాయి. ఆ శరీరాల్లో ప్రతి 8 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండాలి. అంటే 15 కిలోలు కావాలి. గడ్డి ఇచ్చింది 5. తక్కువ పడ్డ 10 కిలోలూ మట్టి ద్రావణంలో ఉన్న అమ్మోనియం, నైట్రేట్ నుంచి లాక్కుంటాయి. పైరు వేళ్ల కోసం ఉన్న నత్రజని అదే.

పాఠ్యపుస్తకాల్లో కనిపించే "నిష్పత్తి 25 దాటితే కొరత" అనే అంకె కూడా ఇక్కడే పుట్టింది. 8ని 0.3తో భాగిస్తే దాదాపు 27 వస్తుంది. మూడో వంతు ఒంటికి పడుతుందనుకుంటే 24. ఆ అంకెను కంఠస్థం చేయించకు, విద్యార్థి చేతే భాగించించు. అది ప్రకృతి నియమం కాదనీ, సూక్ష్మజీవి తిండిలో ఎంత ఒంటికి పడుతుందన్న దాని మీద నిలబడ్డ అంచనా అనీ వాడికే తెలుస్తుంది.

లెక్క వేశాక దాని హద్దు కూడా రాయి. గడ్డి ఒక్కసారిగా అరిగిపోదు. మొదట చక్కెరలు, పిండిపదార్థాలు పోతాయి, తర్వాత సెల్యులోజ్ తరుగుతుంది. లిగ్నిన్ అన్నిటికంటే మొండిది. దాన్ని బాగా విడగొట్టగలిగేవి కొన్ని శిలీంధ్రాలే, వాటికీ ఆక్సిజన్ తప్పనిసరి. మొదటి కొన్ని వారాల్లో సూక్ష్మజీవులు సగం గడ్డే తిన్నాయనుకుంటే 200 కిలోల కర్బనానికి 60 కిలోలు ఒంటికి పడతాయి. వాటికి కావలసిన నత్రజని 7.5 కిలోలు, గడ్డి ఇచ్చేది 2.5, కొరత 5 కిలోలు. కొరత ఎంత అన్నదానికంటే ఎప్పుడు వస్తుందన్నది పైరుకు ముఖ్యం. దున్నిన వెంటనే విత్తితే మొలకల కింది ఆకులు ముందుగా పసుపు రంగుకు తిరుగుతాయి. అది చూసి తెగులని భయపడేవాళ్లు ఉంటారు. గడ్డి కలిపిన చోట, కలపని చోట మట్టి తీసి నైట్రేట్ కొలిస్తే సంగతి తేలిపోతుంది. నీరు నిలిచిన మట్టిలో ఈ కథ వేరు. అక్కడ ఆక్సిజన్ లేక కుళ్లడం మందగిస్తుంది, మీథేన్ కూడా వెలువడుతుంది. దాన్ని ఇందులో కలపకు, వేరే అధ్యాయంలో రాయి.

ఇక్కడ నీ రాతలో ఒక మాట మార్చాలి. సూక్ష్మజీవులు నత్రజనిని తమ శరీరాల్లో పట్టి ఉంచడాన్ని నువ్వు "నత్రజని స్థిరీకరణ" అన్నావు. మన పుస్తకాల్లో ఆ పేరు గాలిలోని నత్రజనిని రైజోబియం వంటి బ్యాక్టీరియా పట్టి ఇవ్వడానికి ఎప్పుడో స్థిరపడిపోయింది. ఒకటి మట్టికి నత్రజని చేరుస్తుంది, ఇంకొకటి పైరుకు అందకుండా కొంతకాలం దాచేస్తుంది. రెండింటికీ ఒకే మాట వాడితే విద్యార్థి పరీక్షలో తలకిందులుగా రాస్తాడు. అలాంటి జవాబు పత్రాలు నేను ఎన్నో దిద్దాను, తప్పు వాళ్లది కాదు. "ఇమ్మొబిలైజేషన్" అనే రాయి, పక్కనే "నత్రజని సూక్ష్మజీవుల ఒంట్లో చిక్కుకుపోవడం" అని ఒక్కసారి వివరించు. చాలు.

ఇప్పుడు లెక్క రెండో మెట్టు. నువ్వు దీన్ని పూర్తిగా వదిలేశావు, హ్యూమస్ అసలు కథ ఉన్నదేమో ఇక్కడే. ఆ 120 కిలోల కర్బనం ఉన్న సూక్ష్మజీవులు చస్తాయి. వాటిని తర్వాతి తరం తింటుంది. మళ్లీ 30 శాతమే ఒంటికి పడితే 36 కిలోలు మిగులుతాయి, 84 గాలిలోకి పోతాయి. 36 కిలోల కర్బనానికి కావలసిన నత్రజని 4.5 కిలోలు. చచ్చినవాటిలో ఉన్నది 15. మిగిలిన 10.5 కిలోలు అమ్మోనియంగా మట్టిలోకి తిరిగి వస్తాయి. దీన్నే ఖనిజీకరణ అంటున్నాం. దాచినవాళ్లే తిరిగి ఇచ్చారన్నమాట. మొదట పసుపు పచ్చగా ఉన్న పైరు తర్వాత ఎందుకు కోలుకుంటుందో కూడా ఈ మెట్టుతో అర్థమవుతుంది.

ఇలా తరం తర్వాత తరం తింటూ పోతే చివరికి ఏమీ మిగలకూడదు కదా? విద్యార్థి ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాడు, అడగాలి. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో జెన్కిన్సన్ అనే శాస్త్రవేత్త, జాడ తెలిసేలా రేడియోధార్మిక కర్బనం ఎక్కించిన రైగ్రాస్ అనే గడ్డిని మట్టిలో కలిపి చూశాడు. ఏడాదికి మూడో వంతు కర్బనం మట్టిలోనే ఉంది. నాలుగేళ్లకు కూడా సుమారు అయిదో వంతు మిగిలింది. మొదట అంత వేగంగా పోయిన కర్బనం తర్వాత అంత నెమ్మదించడానికి ఒక కారణం చచ్చిన కణాల ముక్కలు బంకమట్టి రేణువులకు, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లకు అతుక్కోవడం, ఇంకో కారణం చిన్న మట్టి ఉండల లోపల ఇరుక్కోవడం. తినదగిన పదార్థమే అయినా ఎంజైమ్ అక్కడికి చేరలేదు. అందుకే ఇసుక నేలలో నిలవని కర్బనం బంకనేలలో నిలుస్తుంది. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదే: సూక్ష్మజీవులు గడ్డిని తిన్నాయి, మట్టిలో నిలిచినదాంట్లో చాలా భాగం ఆ సూక్ష్మజీవుల శవాలే. దీనికి సాక్ష్యం కూడా ఉంది. మురామిక్ ఆమ్లం బ్యాక్టీరియా కణకవచంలో ఉంటుంది, మొక్కల్లో ఉండదు. మట్టిలో దాన్ని కొలిచి బ్యాక్టీరియా శవాల వాటాను అంచనా వేస్తారు.

హ్యూమిక్ ఆమ్లం, ఫుల్విక్ ఆమ్లం, హ్యూమిన్ అని మూడు పేర్లతో నువ్వు నాలుగు పేజీలు నింపావు. ఒక్క పేజీ చాలు. 1786లో ఫ్రాంజ్ కార్ల్ అఖార్డ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కల పదార్థమైన పీట్‌ను క్షారంతో కడిగి నల్లటి పదార్థం తీసిన నాటి నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. బలమైన క్షారంలో కరిగి, ఆమ్లం కలిపితే అడుక్కి దిగేది హ్యూమిక్. రెండింటిలోనూ కరిగే ఉండేది ఫుల్విక్. దేనిలోనూ కరగనిది హ్యూమిన్. ఇవి మనం చేసే పనిని బట్టి పెట్టిన పేర్లు. మట్టిలో ఇవి ఇలాగే విడివిడిగా, పెద్ద పెద్ద అణువులుగా కూర్చున్నాయని దీనివల్ల రుజువు కాదు. pH 13 దగ్గర ఉండే ద్రావణం మామూలు మట్టిలో ఎక్కడా ఉండదు. 2015లో యోహానెస్ లేమన్, మార్కస్ క్లెబర్ నేచర్ పత్రికలో గట్టిగా వాదించింది ఇదే. దీనితో ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు, ఆ మాట కూడా రాయి. సిలబస్‌లో ఉంది కాబట్టి మూడు పేర్లూ చెప్పక తప్పదు, ఎలా తీస్తారో చెప్పాకే చెప్పు.

రెండో డ్రాఫ్టు మొదలుపెట్టే ముందు ఒక ప్రయోగం స్వయంగా చెయ్యి. ఒక లీటరు గాజు సీసాలో 100 గ్రాముల మట్టి, అందులో సన్నగా తరిగిన అర గ్రాము ఎండు గడ్డి. మట్టి పట్టుకోగల నీటిలో 60 శాతం తేమ ఉంచు. లోపల చిన్న గిన్నెలో 20 మిల్లీలీటర్ల 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ పెట్టి మూత బిగించు. గడ్డి లేని మట్టితో ఒకటి, మట్టే లేకుండా ఒకటి పక్కన పెట్టు. కొన్ని రోజులకు గిన్నె తీసి బేరియం క్లోరైడ్ కలిపితే పట్టుబడ్డ కార్బన్ డయాక్సైడ్ తెల్లటి మడ్డిగా దిగుతుంది. మిగిలిన క్షారాన్ని ఫినాఫ్తలీన్ వేసి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చెయ్యి, గులాబీ రంగు పోయేదాకా. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరు క్షారం 6 మిల్లీగ్రాముల కర్బనానికి సమానం. అర గ్రాము గడ్డిలో కర్బనం 200 మిల్లీగ్రాములు కాబట్టి, గడ్డి సీసా మామూలు మట్టి సీసా కంటే 10 మిల్లీలీటర్లు ఎక్కువ ఖర్చు చేస్తే 60 మిల్లీగ్రాములు, అంటే 30 శాతం గాలిలోకి పోయినట్టు.

చెడేది ఎక్కడో ముందే చెబుతాను. సీసాలోని ఆక్సిజన్ సుమారు 100 మిల్లీగ్రాముల కర్బనానికే సరిపోతుంది, కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి మూత తీసి గాలి ఆడనివ్వాలి. క్షారం సగానికి పైగా ఖర్చయ్యేదాకా ఆగకు, కొత్తది పెట్టు. వారం వారం వచ్చే అంకె ఉన్నట్టుండి పడిపోతే ముందు మూతను, తర్వాత తేమను అనుమానించు. ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మామూలు మట్టి సీసా అంకెను తీసివేసేటప్పుడు, గడ్డి కలిపినా పాత హ్యూమస్ అదే వేగంతో అరుగుతోందని మనం అనుకుంటున్నాం. నిజానికి కొత్త తిండి దొరికిన సూక్ష్మజీవులు పాతదాన్ని కూడా ఎక్కువ తినవచ్చు. దాన్ని ప్రైమింగ్ అంటారు. గుర్తు పెట్టిన కర్బనం లేకుండా ఆ రెండింటినీ ఈ సీసాలో విడదీయలేం. నీ అధ్యాయంలో ఈ పరిమితి ఒక పేరాగా ఉండాలి.

ఆరు వారాల అంకెల పట్టిక, మొదటి పేజీ తిరగరాసినదీ కలిపి పంపు. సీసాలకు అంటించే చీటీల మీద తేదీలు పెన్సిల్‌తో రాయి, తేమకు ఇంకు చెరిగిపోతుంది.

మీ అన్నయ్య