ఇరవై నిమిషాలు, ఒక్క ప్రశ్న

చిరంజీవికి ఆశీస్సులు.

మీ కాలేజీ పూర్వ విద్యార్థినికి రాసిన సందేశాన్ని పంపేముందు నాకు చూపించి మంచి పని చేశావు. దాన్ని ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఆవిడ కళ్ళతో ఒకసారి చదువు.

"నమస్కారం మేడమ్. నేను మీ కాలేజీలోనే కెమిస్ట్రీ చదివాను. మీ ప్రస్థానం నాకు ఎంతో స్ఫూర్తినిచ్చింది. ఫార్మా రంగంలో అవకాశాల గురించి మీతో మాట్లాడాలని ఉంది. మీకు వీలైనప్పుడు కొంత సమయం ఇవ్వగలరా? నా రెజ్యూమె జత చేశాను."

మర్యాదకు లోటు లేదు. కానీ ఆవిడ నెత్తిన నువ్వు ఎంత పని పెట్టావో చూడు. "ఫార్మా రంగంలో అవకాశాలు" అంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి? నీకేం కావాలో ఆవిడే ఊహించుకోవాలి. "కొంత సమయం" పావుగంటా, రెండు గంటలా? "వీలైనప్పుడు" అన్నావు కాబట్టి తీరిక వెతికి, ఒక రోజు చెప్పి, అది నీకు కుదరకపోతే ఇంకొకటి వెతకాల్సింది కూడా ఆవిడే. అన్నిటికంటే ఇబ్బంది ఆ రెజ్యూమె. అది కనబడగానే ఇది సలహా కోసం కాదు, ఉద్యోగం కోసం అనిపిస్తుంది. ఉద్యోగం ఇప్పించడం తన చేతుల్లో ఉండదు, లేదని చెప్పడానికి మనసొప్పదు. అందుకని "తర్వాత చూద్దాం" అనుకుంటుంది. సాయంత్రానికి మరికొన్ని సందేశాలు వచ్చి నీది కిందికి జారిపోతుంది. జవాబు రాకపోవడానికి కారణం చాలాసార్లు ఇంతే. నీ మీద చిన్నచూపు ఉండి కాదు. ఇలాంటి సందేశాలు నాకూ వస్తుంటాయి కాబట్టి చెబుతున్నాను: చదవగానే ఏం చేయాలో తెలిసేవాటికి అప్పుడే జవాబు రాసేస్తాను. ఆలోచించుకోవాల్సినవి మిగిలిపోతాయి.

కాబట్టి ముందు ప్రశ్నను చిన్నది చేద్దాం. ఎలా అంటే, "ఆవిడ జవాబు విన్నాక నేను తీసుకునే ఏ నిర్ణయం మారుతుంది?" అని నిన్ను నువ్వు అడుగు. నీ చేతిలో ఇప్పుడు రెండు అవకాశాలున్నాయి: ఒకటి క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో, ఇంకొకటి మందుల అనుమతికి పత్రాలు సిద్ధం చేసే రెగ్యులేటరీ అఫైర్స్‌లో ట్రైనీగా. ఆవిడ ప్రొఫైల్ ప్రకారం మొదట మూడేళ్ళు ల్యాబ్‌లో పనిచేసి, ఆ తర్వాత రెగ్యులేటరీకి మారింది. అంటే నువ్వు నిలబడ్డ కూడలిని ఆవిడ దాటి వెళ్ళింది. నీ ప్రశ్న అక్కడే ఉంది: ల్యాబ్‌లో గడిపిన ఆ మూడేళ్ళు రెగ్యులేటరీ పనిలో ఎక్కడెక్కడ అక్కరకొచ్చాయి? ల్యాబ్ అనుభవం లేకుండా నేరుగా వచ్చి చేరినవాళ్ళు ఎక్కడ తడబడుతున్నారు?

ఈ ప్రశ్నకు జవాబు ఆవిడ అనుభవంలోనే ఉంది, వెతికితే దొరికేది కాదు. మంచి ప్రశ్నకు నేను పెట్టే పరీక్ష ఇదే. "రెగ్యులేటరీ అఫైర్స్ అంటే ఏమిటి?" అన్నది కూడా చిన్న ప్రశ్నే, కానీ దానికి జవాబు నువ్వే చదువుకోగలవు. మందుకు అనుమతి కోరుతూ సమర్పించే పత్రాలను కామన్ టెక్నికల్ డాక్యుమెంట్ పద్ధతిలో 5 భాగాలుగా, అంటే మాడ్యూళ్ళుగా అమరుస్తారు. మూడో భాగం మందు నాణ్యతకు సంబంధించినది. పరీక్షా పద్ధతుల ధ్రువీకరణ, మందు ఎంతకాలం నిలవ ఉంటుందో చూపే స్టెబిలిటీ వివరాలు అందులోకే వెళ్తాయి. ఇవి ల్యాబ్‌లో పుట్టే కాగితాలే. ఈ పాటి చదువుకుని రాస్తే, మాటలు పరిచయాల దగ్గర మొదలవ్వవు, నేరుగా విషయంలోకి వెళ్తాయి.

ఇప్పుడు నీ సందేశం ఇలా ఉండొచ్చు:

"నమస్కారం మేడమ్. మన కాలేజీలో ఈ ఏడాదే కెమిస్ట్రీ పూర్తి చేశాను. క్వాలిటీ కంట్రోల్, రెగ్యులేటరీ ట్రైనీ అవకాశాల్లో ఒకదాన్ని ఈ నెలాఖరులోగా ఎంచుకోవాలి. మీరు మూడేళ్ళు ల్యాబ్‌లో పనిచేశాక రెగ్యులేటరీకి మారారని మీ ప్రొఫైల్‌లో చూశాను. మూడో మాడ్యూల్ తయారీలో ఆ ల్యాబ్ అనుభవం మీకు ఎక్కడ ఉపయోగపడిందో తెలుసుకోవాలని ఉంది. ఫోనులో ఇరవై నిమిషాలు చాలు. వచ్చే మంగళవారం లేదా గురువారం సాయంత్రం ఆరు తర్వాత మీకు కుదురుతుందా? మాట్లాడే వీలు లేకపోతే రెండు వాక్యాల జవాబైనా నాకు ఎంతో మేలు."

దీనికి ఆవిడ "గురువారం ఆరున్నర" అని రాస్తే సరిపోతుంది. ఎందుకు తనకే రాశావో, ఎంతసేపు కావాలో, ఎప్పటిలోగా కావాలో అన్నీ అందులో ఉన్నాయి. ఆ చివరి వాక్యాన్ని మాత్రం తీసేయకు. మాట్లాడే తీరిక లేనివాళ్ళకు అది గౌరవంగా తప్పుకునే దారి. రాతలో వచ్చిన రెండు వాక్యాలే నీ నిర్ణయానికి సరిపోవచ్చు కూడా. ఆవిడ వేరే దేశంలో ఉంటే సమయాన్ని అక్కడి గడియారం ప్రకారం రాయి.

చిన్నగా అడిగితే తక్కువే దక్కుతుందని భయపడకు. ఫలానా పని గురించి అడిగితే మనిషికి ఫలానా రోజు, ఫలానా చిక్కు గుర్తుకొస్తాయి. స్టెబిలిటీ వివరాల్లో తేడా వచ్చి పత్రాలు వెనక్కి వచ్చిన సంగతి చెబుతూ, ఆ పనిలో ఎవరు రాణిస్తారో, ఎవరు విసిగిపోతారో కూడా చెబుతుంది. "అవకాశాలు ఎలా ఉన్నాయి?" అంటే మాత్రం "బాగానే ఉన్నాయమ్మా, కష్టపడాలి" అన్న మాటే వస్తుంది, ఎందుకంటే అంత పెద్ద ప్రశ్నకు ఎవరి దగ్గరైనా ఉండేది ఆ జవాబే.

చిన్న ప్రశ్నలన్నీ మంచివని కూడా అనుకోకు. "మీ కంపెనీలో ఏయే మందుల పత్రాలు సిద్ధమవుతున్నాయి?" అని అడిగితే ఆవిడ చెప్పకూడని విషయం అడిగినట్టు. "రెండింట్లో ఏది తీసుకోమంటారు?" అన్నది ఇంకా బరువైన ప్రశ్న. నీ బతుకు నిర్ణయం తన మెడకు చుట్టుకుంటుందని ఎవరైనా జంకుతారు. తన అనుభవం అడుగు, తీర్పు అడగకు. తీర్పు నీది.

పది రోజులైనా జవాబు రాకపోతే ఒక్కసారి, ఒకే వాక్యంతో గుర్తు చేయి: "మేడమ్, పైన రాసిన ప్రశ్నకు రాతలో జవాబిచ్చినా చాలు." దానికీ రాకపోతే వదిలేసి, అదే దారిలో వెళ్ళిన ఇంకొకరికి రాయి. నీకు నెలాఖరు గడువుంది కనుక మొదటి సందేశం ఈ వారమే వెళ్ళాలి.

మాట్లాడే రోజున ఇరవై అన్నావంటే ఇరవయ్యే. పద్దెనిమిదో నిమిషంలో "మీరిచ్చిన సమయం అయిపోవచ్చింది మేడమ్" అని నువ్వే అను. తనకు తీరిక ఉంటే తనే పొడిగిస్తుంది. చిన్న కోరికతో తలుపు తీయించుకుని గంటసేపు కూర్చుంటే అది మోసమే అవుతుంది, తర్వాత వచ్చే మీ కాలేజీ పిల్లలకు కూడా ఆ తలుపు మూసుకుంటుంది. రెజ్యూమె సంగతి తనంతట తను అడిగితేనే ఎత్తు.

మర్నాడు కృతజ్ఞతలు రాసేటప్పుడు ఆవిడ చెప్పినవాటిలో నీకు పనికొచ్చిన మాట ఏదో ఒకటి ప్రస్తావించు. నెలాఖరున ఏది ఎంచుకున్నావో, ఎందుకో ఇంకో రెండు వాక్యాలు పంపు. ఆ రెండోది చాలామంది పంపరు. సలహా ఇచ్చినవాళ్ళకు మాత్రం తమ మాట ఏమైందో తెలుసుకోవాలని ఉంటుంది.

మార్చిన సందేశం రేపటికల్లా పంపించేయి.

మీ మావయ్య