‘తలసరి ఆదాయం’ పెరిగితే ‘జీవన ప్రమాణం’ పెరిగినట్లేనా?

సందేహం: ‘తలసరి ఆదాయం పెరిగింది’ అని ఒక వాక్యంలో రాసి, తర్వాతి వాక్యంలో అదే అర్థంలో ‘ప్రజల జీవన ప్రమాణం పెరిగింది’ అని రాస్తున్నారు. ఈ రెండూ పర్యాయపదాలేనా? ‘మానవాభివృద్ధి సూచిక’ను కూడా వీటి బదులు వాడవచ్చా?

సమాధానం: ఈ మూడూ వేర్వేరు. ఒకదాని చోట మరొకటి వాడితే వాక్యం తప్పు సమాచారం ఇస్తుంది.

తలసరి అంటే మొత్తాన్ని తలకు ఇంతని సమంగా పంచితే వచ్చే వాటా. నిజంగా పంచారని కాదు. అయిదుగురిలో నలుగురికి ఏడాదికి లక్ష చొప్పున, ఒకరికి పదహారు లక్షలు వస్తే తలసరి నాలుగు లక్షలు. ఆ ఒక్కరి ఆదాయం ఇరవై ఒక్క లక్షలైతే తలసరి అయిదు లక్షలవుతుంది. మిగతా నలుగురి ఇళ్లలో, అంటే వాళ్ల జీవన ప్రమాణంలో, మారిందేమీ లేదు.

మన రాష్ట్రాల, జిల్లాల విషయంలో ఇంకొక చిక్కుంది. అక్కడ తలసరి ఆదాయమని ప్రకటించేది జనం చేతికి అందిన డబ్బు కాదు. ఆ ప్రాంతంలో జరిగిన ఉత్పత్తి విలువలోంచి యంత్రాలు, భవనాల తరుగుదల తీసేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తారు. గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీలు సృష్టించే విలువ రంగారెడ్డి జిల్లా లెక్కలోకి వస్తుంది. అందులోని లాభం ఏ ఊరి, ఏ దేశపు వాటాదారులకు వెళ్లినా ఆ లెక్క మారదు. అందుకే ‘జిల్లాలో ఒక్కొక్కరు ఇంత సంపాదిస్తున్నారు’ అనే వాక్యం నాకు చాలా బాధ కలిగిస్తుంది. అదే జిల్లాలోని కూలి మనిషి దాన్ని చదివి ఏమనుకోవాలి?

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో మానవాభివృద్ధి సూచికను తెచ్చింది. దాని రూపకర్త మహబూబ్ ఉల్ హక్, ఆయనకు తోడు నిలిచినవారు అమర్త్యసేన్. అందులో ఆయుర్దాయం, చదువు, ఆదాయం ఉంటాయి. ఆదాయాన్ని లాగరిథమ్‌లోకి మారుస్తారు కనుక వెయ్యి డాలర్ల దేశానికి మరో వెయ్యి చేరితే సూచిక బాగా కదులుతుంది, నలభై వేల దేశానికి అదే వెయ్యి చేరినా కదలిక స్వల్పం. మూడింటికీ సున్నా నుంచి ఒకటి వరకు విలువలు ఇచ్చి, 2010 నుంచి వాటిని గుణించి ఘనమూలం తీస్తున్నారు. ఆయుర్దాయానికి 0.9, ఆదాయానికి 0.9, చదువుకు 0.3 వస్తే మామూలు సగటు 0.7. కొత్త పద్ధతిలో దాదాపు 0.62. చదువులోని లోటును డబ్బు పూర్తిగా కప్పేయలేదు.

అయినా ఇదీ సగటే, ఎవరు వెనకబడ్డారో చెప్పదు. ఆ పని బహుముఖ పేదరిక సూచీ చేస్తుంది. నీతి ఆయోగ్ కూర్పులో పోషకాహారం, బడి, వంట ఇంధనం, తాగునీరు వంటి పన్నెండు అంశాలను ఇంటింటి సర్వే నుంచి చూస్తారు. ఒక్కో అంశానికి దాని ప్రాధాన్యాన్ని బట్టి కొంత విలువ ఇస్తారు. లోటున్న అంశాల విలువలు కలిపి మొత్తంలో మూడో వంతు, అంతకు మించి ఉన్న ఇంటివారు ఆ లెక్కలో పేదలు. అక్కడ ఆదాయం ఊసే ఉండదు. కాబట్టి ఆ సంఖ్యలు ఇచ్చేటప్పుడు ‘పేదలు’ అని ఊరుకోకుండా ‘బహుముఖ పేదలు’ అని రాయాలి.