‘బిఫోర్ టూ డేస్’ అంటే వాళ్లు ‘బిఫోర్ వాట్?’ అని ఎందుకడుగుతారు

పోయిన ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చిన తమ్ముడొకడు, అమెరికా వచ్చి నాలుగు నెలలే అయింది, పప్పన్నం కలుపుకుంటూ అడిగాడు. "అన్నా, మొన్న మీటింగ్‌లో నేను ‘ఐ మెట్ హిమ్ బిఫోర్ టూ డేస్’ అన్నాను. మా లీడ్ ‘బిఫోర్ వాట్?’ అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే అడిగాడు. వెటకారమా, నిజంగానే అర్థం కాలేదా?"

నిజంగానే అర్థం కాలేదురా అన్నాను. నేనూ వచ్చిన కొత్తలో రెండేళ్లపాటు అలాగే మాట్లాడాను. ఎవరూ దిద్దలేదు, ఇక్కడ దిద్దడం మర్యాద కాదనుకుంటారు, ఊహించుకుని సర్దుకుపోతారు. వాడి లీడ్ అడిగాడంటే వాడి అదృష్టం.

అసలు విషయం ఏంటంటే, ఇంగ్లిష్‌లో బిఫోర్ అనే మాటకి వెనకాల ఒక గుంజ ఉండాలి. దేనికి ముందు? బిఫోర్ ద మీటింగ్, బిఫోర్ ఫ్రైడే, బిఫోర్ ఐ కేమ్ హియర్. ఆ గుంజ ఒక సంఘటనో, ఒక తేదీనో అవ్వాలి. ‘రెండు రోజులు’ అనేది సంఘటన కాదు, అది కొలత. ‘బిఫోర్ టూ డేస్’ అనగానే వినేవాడి బుర్రలో కొలత ఉంది కానీ ఎక్కడ నుంచి కొలవాలో లేదు. అందుకే బిఫోర్ వాట్ అని అడుగుతాడు. అగో అనే మాటకి ఆ ఇబ్బంది లేదు, దాని గుంజ దాని లోపలే ఉంది. అది ఎప్పుడూ మాట్లాడుతున్న ఈ క్షణం నుంచే వెనక్కి లెక్కపెడుతుంది. ‘టూ డేస్ అగో’ అంటే ఇవాళ్టి నుంచి రెండు రోజులు వెనక్కి, ఇంకో ప్రశ్నకి చోటే లేదు. ఈ అగో పాత ఇంగ్లిష్‌లో ‘గడిచిపోయిన’ అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది, గో అన్న మాటకి చుట్టమే. మనం పోయిన వారం అంటాం కదా, దాదాపు ఆ ‘పోయిన’ లాంటిదే.

మరి మనకే ఎందుకీ తప్పు వస్తుంది? బడిలో నేర్చుకున్న అనువాద సూత్రం వల్ల అని నా అనుమానం. తెలుగులో ఇలాంటి మాట పేరు తర్వాత వస్తుంది, ఇంగ్లిష్‌లో పేరుకి ముందు వస్తుంది అని మాస్టారు చెప్పారు. బల్ల మీద అంటే ఆన్ ద టేబుల్. ఇంట్లో అంటే ఇన్ ద హౌస్. భోజనం తర్వాత అంటే ఆఫ్టర్ లంచ్. తిప్పి ముందు పెట్టెయ్యడమే, ఎప్పుడూ పనిచేసింది. అదే చేత్తో ‘రెండు రోజుల ముందు’ అన్నదాన్నీ తిప్పేశాం, బిఫోర్ టూ డేస్ అయి కూర్చుంది. పైగా ‘ఆఫ్టర్ టూ డేస్’ అన్నది చాలాచోట్ల తప్పు కాదు, దాంతో దాని జోడీ కూడా ఒప్పే అనిపిస్తుంది. తమాషా ఏంటంటే ఇంగ్లిష్‌లో అగో మన భాషలాగే నడుస్తుంది, కొలత ముందు, అగో వెనక. రెండు రోజుల కిందట, టూ డేస్ అగో. వరస మార్చనే అక్కర్లేదు. మార్చక్కర్లేని ఒక్కచోట అలవాటు కొద్దీ మార్చి దొరికిపోతున్నాం.

ఇంకో కారణం మన ‘ముందు’ అనే మాట. అది రెండు పనులూ చేస్తుంది. "రెండు రోజుల ముందు కలిశా" అంటే ఇవాళ్టికి రెండు రోజుల కిందట అనే అర్థం చేసుకుంటాం. "పెళ్లికి రెండు రోజుల ముందు కలిశా" అన్నా అదే ముందు. కానీ మనకి కిందట, క్రితం అనే మాటలు కూడా ఉన్నాయి, తెలంగాణలో అయితే రెండు రోజుల కింద అంటారు, అవి ఇప్పటి నుంచే లెక్కపెడతాయి. అందుకని నేను వాడే పరీక్ష ఇది. మనసులో తెలుగు వాక్యం అనుకోండి. పెళ్లికి, ఇంటర్వ్యూకి, మార్చి 10కి, ఇలా దేనికి ముందో చెప్పే ‘కి’ తగిలిన మాట ఏదైనా ఉందా? ఉంటే బిఫోర్, అప్పుడు కొలత దానికి ముందు వస్తుంది, టూ డేస్ బిఫోర్ ద వెడ్డింగ్. అలాంటిదేమీ లేకుండా ‘కిందట’ అని పెట్టి చూస్తే వాక్యం హాయిగా నిలబడిందా? అయితే అగో.

‘మొన్న’ అనే మాటని చూడండి. దాన్ని ఇంగ్లిష్‌లో ద డే బిఫోర్ యెస్టర్డే అంటారు. అక్కడ బిఫోర్ ఎందుకు తప్పు కాలేదు? దాని వెనకాల యెస్టర్డే అనే గుంజ ఉంది కాబట్టి. నిన్నటికి ముందు రోజు. దాన్నే ఇవాళ్టి నుంచి కొలిస్తే టూ డేస్ అగో. ఒకే రోజుకి రెండు కొలతలు, రెండు మాటలు.

ఇదంతా వ్యాకరణం గొడవ, అర్థమైతే చాలు కదా అనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్తాను. కొన్నేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకాయన కారుని శనివారం సిగ్నల్ దగ్గర వెనక నుంచి గుద్దారు. ఆ రాత్రికి మెడ పట్టేసింది, ఆదివారం డాక్టర్‌కి చూపించుకున్నాడు. మంగళవారం ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్లెయిమ్ చూసే ఆవిడ ఫోన్ చేసింది. ఈ కాల్ రికార్డవుతుందని ముందే చెప్పింది, దాంతో మనవాడికి టెన్షన్. మెడనొప్పికి డాక్టర్ దగ్గరికి ఎప్పుడెళ్లారు అని అడిగితే "ఐ సా ద డాక్టర్ బిఫోర్ టూ డేస్" అన్నాడు. ఆయన ఉద్దేశం మంగళవారం నుంచి రెండు రోజులు వెనక్కి, అంటే ఆదివారం. కానీ ఆవిడ అప్పటిదాకా అడుగుతున్నవన్నీ యాక్సిడెంట్ గురించి, ఆవిడ బుర్రలో గుంజ శనివారం దగ్గర ఉంది. శనివారానికి రెండు రోజుల ముందంటే గురువారం. అంటే గుద్దక ముందే మెడనొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్లాడన్నమాట! "సో దిస్ వాజ్ బిఫోర్ ది యాక్సిడెంట్?" అని అడిగింది పాపం, అడగాల్సిన ప్రశ్నే అడిగింది. మనవాడికి బిఫోర్ అన్న మాట వినపడగానే తను చెప్పిందే తిరిగి చెప్తోందనుకుని "యెస్, యెస్" అన్నాడు.

ఇన్సూరెన్స్ వాళ్లకి పాత నొప్పి వేరు, ఈ యాక్సిడెంట్ వల్ల వచ్చిన నొప్పి వేరు. పాతదానికి డబ్బులు ఎందుకివ్వాలి అంటారు. తర్వాత వచ్చిన ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చాడు, కూర్చుని చదివితే అప్పుడు తెలిసింది ఎక్కడ తేడా కొట్టిందో. డాక్టర్ ఇచ్చిన కాగితంలో ఆదివారం తేదీ ఉంది కాబట్టి బతికిపోయాం. అది పంపి, ‘టూ డేస్ బిఫోర్ అవర్ కాల్, అంటే ఆదివారం, యాక్సిడెంట్ జరిగిన మర్నాడు’ అని వివరంగా రాశాక సరిచేశారు. అప్పట్నుంచీ నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ఆస్పత్రి, ఇన్సూరెన్స్, పోలీసు, లాయరు, ఇలాంటి చోట్ల అగో కూడా వద్దు, తేదీ చెప్పండి. అగో లెక్క మాట్లాడే రోజుని పట్టి మారిపోతుంది, రాసిన కాగితాన్ని వాళ్లు ఇంకో వారానికి చదువుతారు.

బిఫోర్ టూ డేస్‌కి ఇంకో రకం అపార్థం కూడా ఉంది, రెండు రోజులు నిండకముందే అని. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇది తగులుకుంటుంది. నెల ముందు నోటీసిచ్చాను అనుకుని "ఐ గేవ్ నోటీస్ బిఫోర్ థర్టీ డేస్" అని రాస్తే, చదివేవాడికి ముప్ఫై రోజులు కాకుండానే ఇచ్చాడేమో అనిపించడానికి వీలుంది, అది మీకు ఎదురు తిరిగే అర్థం. థర్టీ డేస్ బిఫోర్ మై మూవ్ అవుట్ డేట్ అని రాయండి, పక్కన తేదీ వేయండి.

ఇప్పుడు అగో వాడటం మొదలుపెట్టాక వచ్చే తప్పు ఒకటుంది. "ఐ హ్యావ్ మెట్ హిమ్ టూ డేస్ అగో" అంటారు. హ్యావ్ తీసేయండి. అగో అంటే అయిపోయిన ఒక సమయాన్ని వేలెత్తి చూపించడం, దాని పక్కన మామూలు పాస్ట్ టెన్స్ ఉండాలి, ఐ మెట్ హిమ్. హ్యావ్ మెట్ అనేది ఎప్పుడో చెప్పకుండా, ఇంతకుముందు పరిచయం ఉంది అని చెప్పడానికి. "ఐ హ్యావ్ మెట్ హిమ్ బిఫోర్" అంటే ఆయన నాకు కొత్త కాదు. చూశారా, ఇక్కడ బిఫోర్ ఒంటరిగా నిలబడింది, వెనక గుంజ లేదు, ఎందుకంటే కొలతే లేదు, ఇంతకుముందు అనే అర్థం అంతే.

కొలతతో పాటు బిఫోర్ చివర్లో నిలబడే సందర్భం కూడా ఉంది, గతంలో జరిగిన కథ చెప్తున్నప్పుడు. నేను 2006 మార్చిలో ఇక్కడికి వచ్చాను, అంతకు రెండు వారాల ముందే పెళ్లయింది అని చెప్పాలంటే "వియ్ హ్యాడ్ గాట్ మ్యారీడ్ టూ వీక్స్ బిఫోర్" అంటారు. గుంజ ముందు వాక్యంలో చెప్పిన మార్చి నెల రాక. అక్కడ టూ వీక్స్ అగో అంటే మా పెళ్లి ఇప్పటికి రెండు వారాల కిందటే అయినట్టు, మా ఆవిడ ఊరుకోదు. బిఫోర్ బదులు ఎర్లియర్ అన్నా సరిపోతుంది, మాట్లాడేటప్పుడు నాకదే సులువు.

‘టూ డేస్ బ్యాక్’ సంగతి కూడా అడిగాడు వాడు. మన దేశంలో అందరం అంటాం, ఇక్కడా అర్థమవుతుంది, ఇక్కడివాళ్లే కబుర్లలో ఎ వైల్ బ్యాక్ అంటుంటారు. మెయిల్‌లో రాసేటప్పుడు మాత్రం నేను అగో అనే రాస్తాను.

వాడు అన్నీ విని, చెయ్యి కడుక్కుని వచ్చి, "అన్నా, మరి నేను మీ ఇంటికి ఎప్పుడొచ్చానని రేపు ఆఫీసులో చెప్పాలి?" అన్నాడు. యెస్టర్డే అని చెప్పరా, ఏ గొడవా లేదు, అన్నాను.