డాక్టర్ సలహా: ఫైలు తెరవాలంటేనే చేతులు రావడం లేదు

ప్రశ్న: నా వయసు 29. పీహెచ్‌డీ చేస్తున్నాను. గైడ్ సవరణలు రాసి పంపిన ఫైలు ఆరు వారాలుగా తెరవలేదు. తెరుద్దామని కూర్చుంటే అల్మారా సర్దుకుంటూనో, ఫోన్ చూస్తూనో గడిపేస్తాను. మిగతా పనులు బాగానే చేస్తాను. ఇది బద్ధకమేనా? స్నేహితుడు వాడే ఏకాగ్రత మాత్ర మూడు వారాలుగా సగం వేసుకుంటున్నాను. పూర్తి మాత్ర వేసుకోవచ్చా?

జవాబు: ముందు మాత్ర సంగతి. పూర్తి మాత్ర వద్దు, సగం కూడా మీకు మంచిది కాదు, కానీ దాన్ని ఎలా మానాలో డాక్టరే చెప్పాలి. దాని పేరు మీరు రాయలేదు, నాకు కంగారు పుట్టించేది అదే. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ అనే సమస్యకు వాడే మిథైల్‌ఫెనిడేట్ అయితే గుండె వేగం, రక్తపోటు పెరగవచ్చు. నిద్ర, ఆకలి తగ్గవచ్చు. కొందరిలో ఆందోళన ఎక్కువవుతుంది. మేం రాసేటప్పుడు బీపీ, నాడి చూసి, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బులున్నాయా అని అడిగి రాస్తాం. మీ స్నేహితుడి చీటీలో మీ గుండె గురించి ఏమీ ఉండదు కదా! ఒకవేళ అది ఆల్ప్రజోలామ్ లాంటి ఆందోళన మాత్ర అయితే రోజూ వాడుతూ ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. స్ట్రిప్పు తీసుకుని ఈ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక ఫైలు. బద్ధకం ఉన్నవాళ్లు అల్మారా సర్దరు. మీకు ఓపిక ఉంది, ఆ ఒక్క ఫైలు దగ్గరే కాళ్లు వెనక్కి పోతున్నాయి. దాని పేరు కనబడగానే భయమో సిగ్గో లేస్తుంది, పక్కకు తిరగగానే హాయిగా ఉంటుంది. దురద పెట్టినచోట గోకినట్టే: ఉపశమనం వెంటనే దొరుకుతుంది కాబట్టి చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫ్యూషియా సిరోయిస్, టిమొతీ పిచిల్ 2013లో రాసిన వ్యాసంలో వాయిదాను ఇలాగే, ఆ క్షణానికి మనసును బాగుచేసుకునే ప్రయత్నంగా వివరించారు. డయాన్ టైస్ బృందం 2001లో చేసిన ప్రయోగం కూడా ఇదే చెబుతుంది. దిగులుగా ఉన్నవాళ్లు పరీక్షకు చేయాల్సిన సాధన వదిలి కాలక్షేపంలో పడ్డారు. కాసేపటిదాకా ఏం చేసినా మనసు మారదని నమ్మించినవాళ్లలో ఆ వాయిదా తగ్గింది. పారిపోయినా హాయి దొరకదని తెలిస్తే పారిపోవడం ఎందుకు?

అందుకే కొత్త టైంటేబుల్ మీకు పెద్దగా పనిచేయదు, మీ ఇబ్బంది సమయంతో కాదు. మూడ్ వచ్చాక కూర్చుంటాననుకోవద్దు, అది రాదు.

రేపు ఇలా చేయండి. ముందు కాగితం మీద ఒక్క వాక్యం రాయండి, భయం దేని గురించో స్పష్టంగా. 'మూడో అధ్యాయం మొత్తం తిరగరాయమన్నారేమో' అన్నట్టు. 'టెన్షన్‌గా ఉంది' అని రాస్తే లాభం లేదు. తర్వాత ఫోన్ వేరే గదిలో పెట్టి, పది నిమిషాలకు గడియారం పెట్టుకుని ఫైలు తెరవండి. సవరించవద్దు, జవాబు రాయవద్దు. వ్యాఖ్యలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కోదాని పక్కన 'చిన్నది', 'ఆలోచించాలి', 'గైడ్‌ని అడగాలి' అని మాత్రం గుర్తు పెట్టండి.

మొదటి రెండు మూడు నిమిషాలు గుండె దడగా ఉండవచ్చు. అక్కడే కూర్చుంటే సాధారణంగా దానంతటదే దిగుతుంది. దడ ఎక్కువగా ఉన్నప్పుడే లేచిపోతే, లేవడమే మందని మెదడు ఇంకోసారి నేర్చుకుంటుంది. అందుకే పది నిమిషాలు అయ్యాక కూడా బిగువు తగ్గకపోతే ఇంకో మూడు నిమిషాలు ఉండి, కాస్త దిగాకే మూయండి. మర్నాడు 'ఆలోచించాలి' అన్నవాటిలో ఒక్కటి తీసుకోండి. ఇక్కడే చాలామంది జారతారు: అక్షరదోషాలన్నీ ముందు దిద్దేస్తారు. చూడటానికి పనిలాగే ఉంటుంది, అదీ తప్పించుకోవడమే.

ఆరు వారాలు గైడ్‌కి ముఖం చాటేశారు కాబట్టి ఆ సిగ్గు కూడా ఫైలుకి అంటుకుని ఉంటుంది. సంజాయిషీలు లేకుండా రెండు వాక్యాలు పంపండి: 'సవరణలు ఆలస్యమయ్యాయి, క్షమించండి. శుక్రవారానికి మూడో అధ్యాయంపై నా సందేహాలు పంపుతాను.' మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మాత్రం మానండి. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారని 2010లో ఒక అధ్యయనం చూపింది. తిట్టుకున్న ప్రతిసారీ ఆ ఫైలు ఇంకాస్త భయపెడుతుంది.

ఉత్తరం చూసి జబ్బు తేల్చలేను. రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర తేడా ఉంటే డిప్రెషన్ ఏమో చూడాలి. చనిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. చిన్నప్పటి నుంచీ వస్తువులు పోగొట్టుకోవడం, అన్ని పనులూ సగంలో వదిలేయడం ఉంటే ఏడీహెచ్‌డీ కోసం పరీక్షించాలి. మిగతా పనులు బాగా చేస్తున్నానన్నారు కాబట్టి ఆ అవకాశం తక్కువే అనిపిస్తోంది, అయినా సైకియాట్రిస్టే తేల్చాలి. ఒంట్లో నీరసం కూడా ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. మూడు వారాలుగా ఆ మాత్ర రోజూ వేసుకున్నారా, అప్పుడప్పుడా అన్నది డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.