పాత ఫైల్ నోట్ షీట్లు చదివి ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు అభ్యంతరం పెట్టారో, చివరికి ఏం తేలిందో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: గ్రూప్-1లో కొత్తగా పోస్టింగ్ వచ్చింది, కలెక్టరేట్‌లో. టేబుల్ మీద అరవై డెబ్బై పేజీల నోట్ ఫైళ్ళు ఉన్నాయి. చివరి పేజీలో "అప్రూవ్డ్" అని కనిపిస్తుంది కానీ దేనికి అప్రూవ్ చేశారో అర్థం కావట్లేదు. సీనియర్లు ఎవరైనా చెప్తారా?

జవాబు:

నేను రెవెన్యూలో చాలా ఏళ్ళు చేశాను, సీనియర్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టి. మీరు అడిగిన ఆ "అప్రూవ్డ్" దగ్గరే నేనూ ఒకసారి బాగా దెబ్బతిన్నా, అదే చెప్తా.

అప్పుడు నాకు సూపరింటెండెంట్‌గా కొత్త సీటు. సబ్‌స్టేషన్ కోసం కరెంటు డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఒకటిన్నర ఎకరం ప్రభుత్వ భూమి అడిగిన ఫైల్ అది. నేను చార్జ్ తీసుకున్న వారానికే వాళ్ళ ఏఈ వచ్చి మా ఫైల్ ఏమైంది సార్ అన్నాడు, నేను ఆఖరి పేజీ తిప్పి చూస్తే కలెక్టర్ గారి సంతకం, పైన "అప్రూవ్డ్", ఇంకేముంది అయిపోయింది బాబూ అని చెప్పేశా. నాలుగు రోజుల్లో సైట్‌లో స్తంభాలు దింపారు, ఊళ్ళో వాళ్ళు వచ్చి ఆపారు, జేసీ గారి దగ్గర నుంచి ఫోన్. అప్పుడు కూర్చుని మొదటి పేరా నుంచి చదివా.

ఇక ఆ ఫైల్ కథ. ఒకటి నుంచి ఆరు పేరాల వరకు సెక్షన్ వాళ్ళు రాసింది, అంటే అప్లికేషన్ ఎప్పుడు వచ్చింది, తహసీల్దార్ ఏం రిపోర్ట్ ఇచ్చాడు, ఆ నేల "గయాలు", అంటే ఎవరి పట్టాలోనూ లేని ఖాళీ ప్రభుత్వ భూమి అని, ఎ.1.50 ఇవ్వొచ్చని. ఏడో పేరాలో అప్పటి సూపరింటెండెంట్ "పుటప్" చేశాడు. తొమ్మిదో పేరాలో ఏఓ గారు అసలు పాయింట్ పట్టుకున్నారు, అడంగల్‌లో గయాలు అంటున్నారు కానీ పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో ఆ సర్వే నంబర్‌లో కొంత వాగు పోరంబోకుగా ఉంది కదా అని. పన్నెండులో జేసీ గారు ఒకే మాట, "డిస్కస్". పదమూడులో సెక్షన్ "డిస్కస్డ్, ఆర్డీఓ నుంచి, సర్వేయర్ నుంచి రిపోర్ట్ తెప్పించమన్నారు" అని రాసింది. పద్దెనిమిదిలో ఆ రిపోర్ట్ సంగతి, వాగు వాటా 40 సెంట్లు తీసేయగా మిగిలేది ఎ.1.10 అని. ఇరవై ఒకటిలో రెండు ప్రత్యామ్నాయాలు పెట్టారు: (ఏ) ఆ ఎ.1.10కి పై ఆఫీసుకి ప్రపోజల్ పంపడం, (బి) వేరే సైట్ చూడడం. ఇరవై మూడులో కలెక్టర్ గారు "అప్రూవ్డ్ 21(ఏ), పంచాయతీ తీర్మానం జతపరచాలి".

చూశారా, ఆయన అప్రూవ్ చేసింది భూమి ఇవ్వడాన్ని కాదు, ప్రపోజల్ పంపడాన్ని. అది కూడా ఎ.1.50 కాదు, ఎ.1.10. అదీ ఒక షరతుతో. ఆ తీర్మానం ఇంకా రానే లేదు. నేను చూసింది మాత్రం చివరి మాట ఒక్కటే.

అప్పట్నుంచీ నేను ఒక తెల్లకాగితం పెట్టుకుని పేరా నంబర్, తేదీ, ఎవరి హోదా, ఏం చేశారు అని గీసుకుంటూ చదువుతా. "ఏం చేశారు" అన్న చోట ఐదారు మాటల కంటే ఎక్కువ రాయను: ప్రతిపాదించాడు, అడ్డు చెప్పాడు, అడిగాడు, ఒప్పుకున్నాడు, ముందుకు తోశాడు అంతే. ఈ ఆఖరిది ముఖ్యం. సూపరింటెండెంట్ ఇనీషియల్ పెట్టి పైకి పంపితే, వేరే ఏమీ రాయకపోతే, కింద రాసిన నోట్‌తో ఆయన ఏకీభవించినట్టే. కానీ అది నిర్ణయం కాదు. "ఫర్ ఆర్డర్స్ ప్లీజ్" అని ఉందంటే నిర్ణయం ఇంకా పైవాళ్ళది. కాబట్టి ఒకే నోట్ కింద నాలుగు సంతకాలు ఉన్నంత మాత్రాన నాలుగు ఆమోదాలు కాదు.

అభ్యంతరాల విషయానికొస్తే, "డిస్కస్", "స్పీక్", "ఎగ్జామిన్" ఇవేవీ తిరస్కారం కాదు, ప్రశ్న తెరిచి ఉంచడం. ప్రతి అభ్యంతరం పక్కన ఒక చిన్న గుండ్రం గీస్తా, దానికి జవాబు ఏ పేరాలో దొరికితే ఆ నంబర్ ఆ గుండ్రంలో రాస్తా. పైన ఫైల్‌లో తొమ్మిదో పేరా గుండ్రంలో 18 పడింది. ఖాళీ గుండ్రం మిగిలిందంటే ఆ అభ్యంతరానికి ఎవరూ జవాబు చెప్పకుండా దాటేశారన్నమాట, ఆడిట్ వాళ్ళు మొదట పట్టుకునేది అదే. "డిస్కస్డ్" అని ఒక్క మాట రాసి ఏం మాట్లాడుకున్నారో రాయకపోతే ఆ గుండ్రాన్ని నేను ఖాళీగానే వదులుతా, పాత అధికారిని ఫోన్‌లో అడిగి తెలుసుకున్నా సరే, ఫైల్‌లో లేనిది లేనట్టే.

తరువాత, "అప్రూవ్డ్" ఎక్కడున్నా దానికి ఒక పేరా నంబర్ అంటించండి. కొన్నిసార్లు రెండు ప్రత్యామ్నాయాలు పెడితే కింద ఊరికే "ఓకే" అని ఉంటుంది, ఏది ఓకే? అప్పుడు మీరు ఊహించకండి, "పేరా 21లో (ఏ)కా (బి)కా స్పష్టం చేయగలరు" అని మళ్ళీ పైకి పెట్టండి, కొంచెం మొహమాటంగా ఉంటుంది కానీ పర్లేదు.

ఇంకోటి, నోట్‌లో నిర్ణయం అయిపోయింది అనుకున్నాక కరెంట్ ఫైల్‌కి, అంటే వచ్చిన, పంపిన ఉత్తరాలు ఉండే భాగానికి వెళ్ళి అది బయటికి ఏ రూపంలో వెళ్ళిందో చూడాలి. మా ఫైల్‌లో డ్రాఫ్ట్ ఫర్ అప్రూవల్‌లో క్లర్క్ పాత పేరా నాలుగు నుంచి కాపీ కొట్టి ఎ.1.50 అనే టైప్ చేశాడు! నోట్‌లో ఒకటి, లెటర్‌లో ఒకటి. అది వెళ్ళిపోయి ఉంటే నా ఉద్యోగం ఏమయ్యేదో. అసలు నోట్‌లో రాసుకున్నది బయటికి ఆర్డర్‌గా వెళ్ళి, సంబంధిత వ్యక్తికి తెలియజేస్తేనే ఆర్డర్. బచిత్తర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది, మంత్రి ఫైల్‌లో రాసినంత మాత్రాన ఆర్డర్ అయిపోదని. అందుకే ఎవరైనా వచ్చి నాకు నోట్‌లో ఫేవర్‌గా ఉంది సార్ అంటే తల ఊపేయకండి.

ఈ-ఆఫీస్‌లో అయితే తేదీలు, పేర్లు సిస్టమే వేస్తుంది కాబట్టి సగం పని తగ్గింది. అందులో ఎల్లో నోట్ చిత్తు మాత్రమే, మార్చొచ్చు, తీసేయొచ్చు, గ్రీన్ నోట్‌గా మారి ముందుకు వెళ్ళాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి. అసలు ఫైల్ పైన ఎక్కడో ఆగి ఉంటే పార్ట్ ఫైల్ తెరిచి పని నడిపిస్తారు, తర్వాత కలపడం మర్చిపోతారు. మీ కాగితం మీద తేదీల మధ్య నాలుగైదు నెలల ఖాళీ కనిపించి, ఖాళీ తర్వాత పేరా "పైన చెప్పిన ఆమోదం మేరకు" అని మొదలైతే, ఆ ఆమోదం మీ చేతిలో ఉన్న ఫైల్‌లో కనిపించకపోతే పార్ట్ ఫైల్‌లో ఉండొచ్చు, సెక్షన్‌ని అడిగి తెప్పించుకోండి. పాత కాగితం ఫైల్ స్కాన్ చేసి ఎక్కించిన వాటిలో పేజీలు ముందువెనకలు కూడా అవుతాయి, అందుకే స్కాన్ వరుస నమ్మకుండా పేరా నంబర్ల వరుస చూసుకోండి.

మొదటి ఫైల్‌కి నాకు పూటంతా పట్టింది, ఇప్పుడు డెబ్బై పేజీలు అయినా గంటలో అయిపోతుంది. ఆ ఏఈకి మాత్రం ఎ.1.10కే తీర్మానం తెచ్చుకోమని చెప్పి పంపడానికి నాకు ఇంకో వారం పట్టింది, స్తంభాలు వెనక్కి తీసుకెళ్ళిన ఖర్చు ఎవరిదని ఆయన నన్నే అడిగాడు.